నడిమి కుర్చీ

మా మేనత్త కుర్చీలో కూర్చోవాలా, నిలబడాలా అన్నది తేలడానికి ఆ రోజు ముప్పావుగంట పట్టింది. తేలిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు తగులుతుంది.

దువ్వాడలో మా అన్నయ్య కొత్త ఫ్లాట్ కొన్నాడు. అన్నయ్య అంటే మా పెద్దనాన్న కొడుకు. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. గృహప్రవేశం తెల్లవారుజామునే అయిపోయింది. టిఫిన్లు తిన్నాక, దూరం నుంచి వచ్చినవాళ్ళు బస్సులూ ఆటోలూ ఎక్కకముందే, అందరం ఒక ఫొటో దిగాలన్నాడు. పిల్లాపెద్దా కలిపి ఇరవై ముగ్గురం.

ఫొటోగ్రాఫర్ మా ఊరి పాతటౌన్ మనిషి. తండ్రి కాలం నుంచీ వాళ్ళది అదే పని. కంచరపాలెంలో మేమంతా ఒకే కప్పు కింద ఉన్న రోజుల నుంచీ మా ఇంటి ఫొటోలు ఆయనే తీస్తున్నాడు. మేడమీద ఎండ మొహాల మీద పడి కళ్ళు చికిలించేస్తారని, అపార్ట్‌మెంట్ వెనకవైపు నీడ పడే చోటు చూసుకున్నాడు. "గోడ నీడ ఇంకో గంట ఉంటాది సార్. అది జరిగిపోతే సగం మందికి ఎండా, సగం మందికి నీడా. జల్దీ కానీయండి," అన్నాడు.

ఆయన మమ్మల్ని అమర్చిన పద్ధతి నాకు నచ్చింది. ముందు మూడు డైనింగ్ కుర్చీలు తెప్పించి మధ్యలో వేయించాడు. వాటి ముందు పిల్లలకు పట్టా పరిపించాడు. ఆరుగురు పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కుర్చీల వెనక నేలమీద ఏడుగురు, వాళ్ళ వెనక వంటవాళ్ళ దగ్గర తెచ్చిన రెండు పొడుగు బల్లల మీద మరో ఏడుగురు. ప్రతి వరసలోనూ పొడుగువాళ్ళు మధ్యన, అక్కడి నుంచి రెండువైపులా పొట్టివాళ్ళు దిగుతూ రావాలి. ముందు వరసలో ఇద్దరి తలల మధ్య సందులో వెనక మనిషి మొహం రావాలి. "మీకు నా కెమెరా కనబడితే, నా కెమెరాకి మీరు కనబడతారు. కనబడకపోతే ఇప్పుడే సెప్పండి, ఫొటో వచ్చేక కాదు," అని అందరికీ ఒకేసారి చెప్పాడు. అందరినీ కొంచెం ఏటవాలుగా, ఒక భుజం ముందుకు పెట్టి నిలబడమన్నాడు. అంచుల్లో ఎవరూ బయటికి జారకుండా లోపలికి నెట్టాడు. అంచున ఉన్నవాళ్ళు ఫొటోలో లావుగా సాగిపోతారట.

ఎవరి డబ్బూ, ఎవరి ఉద్యోగం అడగకుండా ఎత్తు చూసి నిలబెట్టడం, వయసు చూసి కూర్చోబెట్టడం. మా ఇంట్లో ఇంత న్యాయంగా ఏ పనీ జరగడం నేను చూడలేదు. వదిన మరిదికీ, అన్నయ్య మేనల్లుడికీ ఒకే కొలత. పొడుగు కాబట్టి నన్ను వెనక బల్ల మీద నడిమధ్యకి ఎక్కించాడు. పక్కన వదిన తమ్ముడు. గాజువాకలో మోటారు స్పేర్‌పార్టుల కొట్టు ఉంది అతనికి.

"బావా, పైకెక్కేవు కదాని ఉపన్యాసం మొదలెట్టీకు. మైకు లేదిక్కడ," అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా నేను సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడుతున్నాను, రాస్తున్నాను. మా ఇంట్లో దానికి దక్కిన గౌరవం ఇంతే. అలవాటైపోయింది, నవ్వేశాను.

ఇక పెద్దలు. మా పైతరంలో మిగిలినవాళ్ళు ముగ్గురే. ఎనభై రెండేళ్ళ పెద్దనాన్న, ఆయన భార్య మా పెద్దమ్మ, ఆయన చెల్లెలు మా మేనత్త. అత్తకు డెబ్బై తొమ్మిది. మామయ్య పోయిన దగ్గర్నుంచీ, పిల్లలు లేని మనిషి కాబట్టి, అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. "ఉంటోంది" అనడం మర్యాద కోసం. ఆ ఇంట్లో వంట ఆమెదే. పెద్దమ్మ తుంటి విరిగి మంచంలో ఉన్న ఏడాదంతా ఒళ్ళు తుడిచిందీ, బట్టలు మార్చిందీ ఆమే. ఇప్పుడు ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. పొయ్యి దగ్గర కూడా ఎత్తు స్టూలు వేసుకుని వండుతుంది.

పెద్దనాన్నను మధ్య కుర్చీలో, పెద్దమ్మను ఆయన ఎడమవైపు కూర్చోబెట్టారు. అత్త చీర సర్దుకుని, కుర్చీ వీపు పట్టుకుని, మెల్లగా కుడివైపు కుర్చీలోకి ఒంగుతోంది. అప్పుడు వదిన అరిచింది.

"అత్తా! ఆగండాగండి! కూకోకండి!"

అత్త సగం ఒంగి ఆగిపోయింది. ఏదో పురుగు ఉందేమోనని కుర్చీ వైపు చూసింది.

"ముగ్గురు అయిపోతన్నారు," అంది వదిన.

అర్థం కానివాళ్ళు మాలో ఎవరూ లేరు. ముగ్గురు కలిసి ఫొటో దిగితే మధ్యలో ఉన్నవాళ్ళు పోతారని ఓ నమ్మకం. మా వైపు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. బళ్ళో ఫొటో దిగేటప్పుడు కూడా పిల్లలు నాలుగోవాడిని లాక్కొచ్చి నిలబెడతారు. కానీ మేము ఇరవై ముగ్గురం. అదే అన్నాను బల్ల మీంచి.

"ఇరవై ముగ్గురం ఉన్నాం వదినా. ముగ్గురెక్కడ?"

"కుర్సీల్లో ముగ్గురే కదా మరి!"

"పట్టా మీద ఆరుగురు, కింద ఏడుగురు, పైన ఏడుగురు. వీళ్ళంతా మనుషులు కారా, గోడలా?"

"నీకు తెలవదు, నువ్వూరుకో. కూకున్నోళ్ళే లెక్క."

చావు కూడా కుర్చీలు లెక్కపెట్టుకునే వస్తుందన్నమాట. నిలబడ్డవాళ్ళు దాని పద్దులోకి రారు. నాకు నవ్వు రావాలి. రాలేదు, ఎందుకంటే అందరూ తలలు ఊపుతున్నారు. ఇంజనీరింగ్ చదివిన మా అన్నయ్య కూతురు కూడా ఊపుతోంది.

వదిన వెంటనే పరిష్కారం చెప్పింది. "అత్త పొడుగే కదా. వెనక్కి ఎక్కించీయండి. అక్కడ బాగా కనబడతాది."

నేను ఇందాక న్యాయం న్యాయం అని మురిసిపోయిన ఎత్తు కొలత ఇంత సులువుగా అబద్ధానికి పనికొచ్చింది. మా ఇంటి పొడుగు నిజంగా అత్త వైపు నుంచే వచ్చింది. కానీ ఆమెను బల్ల ఎక్కించమన్నది పొడుగు కాదు. ఆ ముగ్గురిలో తీసెయ్యడానికి వీలైన మనిషి ఆమె ఒక్కతే. దంపతులను విడదీయకూడదు. భర్త లేని మనిషిని ఎక్కడికైనా జరపొచ్చు.

ఫొటో ఆయన కెమెరా దించాడు. "పెద్దామెని బల్లెక్కిత్తారేటమ్మా? పడితే తుంటి ఇరుగుద్ది."

"మరైతే కింద వరసలో నిలబడమనండి. పెద్దాయన కుర్సీ పట్టుకుని," అన్నాడు వదిన తమ్ముడు.

పెద్దనాన్న వైపు చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. చెల్లెల్ని కూర్చోమంటే ఎదురు చెప్పే మనిషి అక్కడ లేడు. ఆయన తన మోకాళ్ళ మీద చేతుల్ని చూసుకుంటూ, "రెండు నిమసాలే కదా, సెల్లి నిలబడతాదిలే," అన్నాడు. ఆయన భయపడుతున్నాడు. ఎనభై రెండేళ్ళు బతికాక, రెండు నిమిషాల ఫొటోకు.

నేను మొదలెట్టాను. బల్ల మీదే నిలబడి. "కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఫొటో అంటేనే భయం, ఆ భయం ఇంకా పోలేదు, అంతే. ఎవరు పోయారు చెప్పండి, ఒక్కరి పేరు..."

"మీ నాన్న పోలేదేటి?" అంది వదిన.

నాకు తెలియని మాట కాదు. నా వెనక చాలాసార్లు అనుకున్నారని తెలుసు. మొహం మీద అనడం అదే మొదలు.

తొమ్మిదేళ్ళ క్రితం కంచరపాలెం ఇంట్లో ఇలాంటి ఫొటోయే దిగారు. ఆ రోజు నేను లేను, వేరే ఊళ్ళో సభ ఉంది. కుర్చీల్లో ముగ్గురు మగవాళ్ళు: పెద్దనాన్న, మా మామయ్య, మధ్యలో మా నాన్న. నాలుగు నెలలకు నాన్న పోయాడు. మామయ్య కూడా మరుసటి ఏడాది పోయాడు కానీ, పక్క కుర్చీకి ఏ దోషమూ అంటలేదు.

"నాన్నది షుగర్ వదినా. కాలి పుండు."

"పుండుతో పోతారేటి ఎవరైనా? కాలు బాగైపోతాదనే కదా అన్నారందరూ. ఫొటో దిగేకే కదా తిరగబెట్టింది?"

అప్పుడు ఫొటో ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఇది పని చెడగొట్టే గొడవ, మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. మాట్లాడాడు.

"ఆ ఫొటో నాను తీసిందే మేడమ్. నాకు బాగా గేపకం. ఆయన ఎడంకాలికి ఇంత కట్టు ఉండేది, ఆకుపసరు కారి పచ్చగా అయిపోయుండేది. సార్ నా దగ్గరకొచ్చి..." అని అన్నయ్య వైపు చూపించాడు. "'కట్టు కనబడకూడదు బాబూ' అన్నారు. అందుకే పిల్లల్ని పక్కకి జరిపి, ఇద్దర్ని ఆయన కాలి ముందు కూకోబెట్టేను. ఇంటికెళ్ళి సూడండి. పట్టా మీద పిల్లలు మజ్జిలో ఉండరు, ఓ పక్కకి ఉంటారు."

ఆ ఫొటో నా రాతబల్ల ఎదురుగానే ఉంటుంది. పిల్లలు ఓ పక్కకి గుంపుగా ఉండడం తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ముందు వరసలో పిల్లలు ముద్దుగా ఉంటారనే కూర్చోబెడతారనుకున్నాను. మా నాన్న కుళ్ళిపోతున్న కాలిని కప్పడానికి కూర్చోబెట్టారు.

ఆ ఆకుపసరు కట్టే మనిషి దగ్గరికి నాన్నను తీసుకెళ్ళింది అన్నయ్యే. వారం వారం, ఆటోలో. డాక్టరు దగ్గరికి వెళితే కాలు తీసేస్తారని భయపెట్టిందీ అన్నయ్యే. తీసేసుంటే నాన్న బతికేవాడు. అన్నయ్య దుర్మార్గుడు కాడు. నాన్నంటే ప్రాణం. అందుకే అతనికి ఫొటో కావాలి. చంపింది కుర్చీ కాకపోతే పసరు. పసరైతే ఆటో ఎక్కించిన చెయ్యి. కుర్చీ మీద నేరం వేస్తే ఇంట్లో అందరికీ హాయి. వాళ్ళ నమ్మకాన్ని అజ్ఞానం అని ఇన్నాళ్ళూ సభల్లో కొట్టిపారేశాను. ఆ నీడలో నిలబడి చూస్తే అది అజ్ఞానంలా కనిపించలేదు. చాలా తెలివైన ఏర్పాటులా కనిపించింది. నేనూ అందులో సుఖపడ్డవాణ్ణే. నాన్న కాలు పచ్చబడుతున్న నెలల్లో నేను ఊరూరా తిరిగి తాయెత్తుల మీద మాట్లాడుతున్నాను.

నిజం బయటపడింది కాబట్టి ఇక గొడవ తీరిపోతుందనుకున్నాను. చర్చల్లో పెరిగినవాడి రోగం ఇది, రుజువు చూపిస్తే ఎదుటివాడు ఒప్పుకుంటాడనుకోవడం. అన్నయ్య మొహం నల్లబడింది, అంతే. వదిన, "అదంతా ఇప్పుడెందుకు, మంచి రోజు పూట," అంది. అందరూ అవునవునన్నారు. కుర్చీలు మాత్రం ఇంకా మూడే.

"మా వాళ్ళలో కూడా ఇదే గొడవ సార్," అన్నాడు ఫొటో ఆయన నాకేసి, గొంతు తగ్గించకుండానే. "నిఖాల్లో ముగ్గురంటే వద్దు వద్దంటారు. ముప్పై ఏళ్ళ నుంచి ఎంతమందిని మజ్జిలో కూకోబెట్టేనో లెక్కలేదు. ఆళ్ళందరూ సచ్చిపోతే నాకు గిరాకీ ఎక్కడిది?"

నలుగురు నవ్వారు. నవ్వుతూనే అత్తను చూస్తున్నారు, ఎప్పుడు జరుగుతుందా అని. ఆమె కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. గోడ నీడ బల్లల చివరిదాకా జరిగింది. పట్టా మీద పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోవడం మొదలెట్టారు.

ఆమె కాళ్ళు చూసి నేను అన్నాను, "సరే, నాలుగో కుర్చీ వెయ్యండి. నలుగురైపోతారు."

"అదీ మాట!" అన్నాడు వదిన తమ్ముడు, నా వీపు మీద చరిచి. "మా బావ కూడా దారికొచ్చేడు!"

అతని అరచెయ్యి తగిలాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. మూడు చెడ్డదనీ, నాలుగు మంచిదనీ నా నోటితో నేనే ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళ మాటలు ఒక వాక్యంలో పోయాయి. ఒక్క సాకు ఉంది నాకు, ఆమె మోకాళ్ళు. ఆ సాకు వెనక దాక్కున్నాను.

కానీ నాలుగో కుర్చీకి మనిషి దొరకలేదు. నేను కూర్చుంటే వెనక వరసకు మధ్యలో పొడుగు పోతుందన్నాడు ఫొటో ఆయన. ఆడవాళ్ళలో వయసు వరసలో తర్వాత వదినే, అరవై. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"నానా? పెద్దోళ్ళ పక్కన? అంత ముసల్దాన్లా కనబడుతున్నానేటి?"

అన్నయ్యను కూర్చోమంటే, ఇంటి యజమాని నిలబడితేనే బాగుంటుందన్నాడు. ఆ కుర్చీలో కూర్చుంటే పెద్దవాళ్ళ జాబితాలో చేరిపోతామని అందరి భయం. నాలుగో కుర్చీ తెచ్చి మళ్ళీ లోపలికి పట్టుకుపోయారు. అత్త నిలబడే ఉంది.

చివరికి ఆమే పెద్దనాన్న భుజం తట్టింది.

"లెగు అన్నయ్యా. ఇటు జరుగు."

"ఏటే?"

"నడిమిన నాను కూకుంటాను. నువ్వు ఈ పక్కకి రా. పోతే నానే పోతాను కదా. నువ్వూ వదినా సల్లగా ఉండండి."

నేను ఆశించాను. ఎవరైనా ఒకరు, ఇరవై ఇద్దరిలో ఒక్కరు, ఛీ అదేం మాట అత్తా అంటారని. మాటవరసకైనా. దాన్ని నమ్మినవాళ్ళు కదా వీళ్ళంతా. మధ్యలో కూర్చుంటే చావు తప్పదని ముప్పావుగంట నుంచి వాదించినవాళ్ళు. నమ్మకం నిజమైతే వాళ్ళ కళ్ళ ముందు ఒక మనిషి చావు కుర్చీలోకి ఎక్కుతోంది.

పెద్దనాన్న లేచాడు. ఆ వయసులో ఆయన అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు. పక్క కుర్చీలోకి మారిపోయి, చొక్కా సర్దుకున్నాడు. వదిన ముందుకొచ్చి అత్త చీర కుచ్చిళ్ళు తన చేతులతో సర్దింది. "మా అత్త బంగారం," అంది. ఎవరో నిట్టూర్చారు. అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి. బల్ల మీంచి నాకు తలలన్నీ, ఊరటగా ఒకరివైపొకరు తిరిగిన మొహాలూ కనిపిస్తున్నాయి. ఆ తలల్లో ఒక్కటి కూడా వంగలేదు.

"సార్, పైన మజ్జిలో సార్, కొంచెం నవ్వాలి," అన్నాడు ఫొటో ఆయన.

నేను బల్ల దిగలేదు. దిగి ఉండాల్సింది. దిగితే వరస చెడిపోతుందనీ, నీడ పోతోందనీ, మంచి రోజు పూట అనీ నాకూ తోచింది. నవ్వలేదు, అంతవరకే నా ధైర్యం. ఎవరో ఒకరు కళ్ళు మూస్తారని ఆయన వరసగా ఏడెనిమిది తీశాడు. ప్రతిసారీ అందరూ ఇంకొంచెం బాగా నవ్వారు.

ఫొటో వారానికి వచ్చింది. పని గొప్పగా ఉంది. ఇరవై మూడు మొహాలూ స్పష్టంగా, ఏ తలా ఏ తలకీ అడ్డం లేకుండా, మధ్య నుంచి రెండువైపులా దిగే వాలు గీత గీసినట్టుగా. పిల్లలు ఈసారి సరిగ్గా మధ్యలో ఉన్నారు, కప్పాల్సిందేమీ లేదు కాబట్టి. నాన్న ఉన్న ఫొటో పక్కనే పెట్టుకున్నాను. రెండూ చూస్తూ రాసే పని నాకు కుదరడం లేదు. అయినా తియ్యను.

తర్వాత ఒకసారి దువ్వాడ వెళ్ళాను. అత్త వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఇంట్లో మిగతావాళ్ళు టీవీ దగ్గర ఉన్నారు. అన్నయ్య పలకరింపు పొడిగానే ఉంది. హాల్లో పెద్దది చేయించి తగిలించిన ఫొటో కింద నుంచే వంటింట్లోకి వచ్చి, ఆమె పక్కన పీట మీద కూర్చున్నాను.

"అత్తా, నువ్వు నిజంగా నమ్ముతావా ఆ మాట?"

"ఏ మాట?"

"నడిమిన కూర్చుంటే పోతారని."

"నమ్మితే కూకుంటానేట్రా?" వంకాయ ముక్కలు నీళ్ళలో వేసింది. "నీకేటి తెలుస్తాది. మోకాళ్ళు పీకీసేయి ఆ రోజు. మీరందరూ మాటాడుకుంటన్నారు, నన్ను కూకోమన్నోడు లేడు. కుర్సీ కావాలి నాకు. ఏ కుర్సీ అయితేనేటి."

నేను పెద్దగా నవ్వాను. నా ముప్పై ఏళ్ళ ఉపన్యాసాలు చెయ్యలేని పని, ఆమె మోకాళ్ళు చేశాయి. చాలా తేలికపడ్డాను. ఆమె నవ్వలేదు. ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"నాను కూకున్నప్పుడు ఆళ్ళ మొకాలు సూసేవా?"

"చూశాను."

"ఎలిగిపోయేయి కదా?"

"అవునత్తా."

"నాకు పిల్లల ఈపులే కనబడ్డాయి. ముందున్నాను కదా. నువ్వయితే బల్లమీద, అందరికన్నా ఎత్తున ఉన్నావు. నీకు బాగా కనబడే ఉంటాది."

అని, ఆ ముక్కల గిన్నె అందించి పొయ్యి మీద పెట్టమంది. ఆమె లేవలేదు కాబట్టి నేనే లేచాను.